పడే ఏడాది ముందొస్తే

ఉద్యోగ విరమణ నాటికి చేతికొచ్చిన పెద్ద మొత్తాన్ని షేర్లలోనో, షేర్ల మీద నడిచే మ్యూచువల్ ఫండ్లలోనో ఉంచి, అందులోంచి ఏటా ఇంత అని ఖర్చుకు తీసుకుంటుంటే, ఆ సొమ్ము ఎన్నేళ్లు వస్తుందో తేల్చేది సగటు రాబడి ఒక్కటే కాదు. ఆ రాబడి ఏ వరుసలో వచ్చిందన్నది కూడా అంతే గట్టిగా తేలుస్తుంది. మార్కెట్ పడిన ఏళ్లు మొదట వచ్చి, పెరిగిన ఏళ్లు తర్వాత వస్తే ఒక ఫలితం. సరిగ్గా అవే ఏళ్లు తారుమారుగా వస్తే పూర్తిగా వేరే ఫలితం. ఆర్థిక సలహాదారులు దీన్ని సీక్వెన్స్ రిస్క్ అంటారు. తెలుగులో రాబడుల వరుస వల్ల వచ్చే ముప్పు అనుకోవచ్చు.

సొమ్ము వేసి కదిలించకుండా ఉంచినవారికి ఈ ముప్పు లేదు. లక్ష రూపాయలు ఒక ఏడాది సగమై, మరుసటి ఏడాది రెట్టింపైతే మళ్లీ లక్షే. ముందు రెట్టింపై తర్వాత సగమైనా లక్షే. గుణకారంలో అంకెల వరుస మార్చినా లబ్ధం మారదు. మధ్యలో తీసివేతలు చేరినప్పుడే వరుసకు బలం వస్తుంది. రిటైరైన మనిషి చేసేది ఆ తీసివేతే.

దీన్ని ఊహాజనితమైన అంకెలతో కాక, మన మార్కెట్ నిజంగా చూసిన ఒక దశాబ్దంతో పరిశీలించడం మేలు. 2007 చివరి రోజున సెన్సెక్స్ 20,287 దగ్గర ఉంది. ఏడాది తిరిగేసరికి, అమెరికాలో మొదలైన ఆర్థిక సంక్షోభం దెబ్బకు 9,647కు పడింది. అంటే 52 శాతం నష్టం. 2009లో అదే సూచీ 81 శాతం లేచింది. ఆ తర్వాతి ఏళ్లలో వరుసగా 17 శాతం పెరిగి, 25 శాతం తగ్గి, 26, 9, 30 శాతాల చొప్పున పెరిగి, 5 శాతం తగ్గి, 2 శాతం పెరిగి, చివరికి 2017లో 28 శాతం పెరిగి 34,057 దగ్గర ఆగింది. పదేళ్లలో మొత్తం పెరుగుదల 68 శాతం. చక్రవడ్డీ లెక్కన ఏటా 5.3 శాతం. డివిడెండ్లు కలిపితే ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది కానీ, లెక్క తేలికగా ఉండటానికి వాటినీ పన్నులనూ ఇక్కడ పక్కన పెడదాం.

2008 జనవరిలో ఒకరు రిటైరయ్యారనుకుందాం. చేతిలో కోటి రూపాయలున్నాయి. మొత్తం సెన్సెక్స్‌ను అనుసరించే ఫండులో వేశారు. ప్రతి ఏడాది మొదట్లో 6 లక్షలు తీసుకుని ఆ ఏడాది గడుపుతారు. మొత్తాన్నీ షేర్లలో పెట్టడం ఏ సలహాదారూ చెప్పని పని. కానీ వరుస చేసే పని విడిగా కనిపించాలంటే ముందు ఇలాగే చూడాలి. తొలి 6 లక్షలు తీసుకున్నాక మిగిలిన 94 లక్షలు ఏడాది చివరికి 44.7 లక్షలయ్యాయి. అందులోంచి మళ్లీ 6 లక్షలు. అలా పదిసార్లు, మొత్తం 60 లక్షలు తీసుకున్నాక, 2017 చివర ఆయన ఖాతాలో 58.6 లక్షలు మిగిలాయి.

ఇప్పుడు అదే దశాబ్దాన్ని తిరగేద్దాం. 2017లో వచ్చిన 28 శాతం మొదటి ఏడాదే వచ్చింది, 2008 నాటి 52 శాతం పతనం ఆఖరి ఏడాది వచ్చింది అనుకుందాం. పది రాబడులూ అవే. సూచీ మొదలైన చోటూ ముగిసిన చోటూ అవే. తీసుకున్న 60 లక్షలూ అంతే. అయినా చివర మిగిలేది 1 కోటి 3 లక్షలు. మొదటి మనిషి కంటే 45 లక్షలు ఎక్కువ. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఈ రెండో లెక్క సగానికి సగం పడిన ఏడాదితోనే ముగిసింది. పతనపు దెబ్బ తగిలిన మర్నాడు లెక్కపెట్టినా, అసలు కోటికి లోటు రాలేదు.

అసలు ఏమీ తీసుకోకుండా కోటిని అలాగే వదిలేసి ఉంటే, రెండు వరుసల్లోనూ చివర ఉండేది కచ్చితంగా 1 కోటి 68 లక్షలే.

ఈ 45 లక్షల తేడా ఎక్కడ పుట్టిందో చూడాలంటే రూపాయలను వదిలి యూనిట్లు లెక్కపెట్టాలి. మ్యూచువల్ ఫండులో మదుపుదారు చేతిలో నిజంగా ఉండేవి యూనిట్లే. రూపాయల విలువ, ఆ రోజు యూనిట్ ధరను బట్టి, అంటే ఎన్‌ఏవీని బట్టి తేలుతుంది. మొదట్లో యూనిట్ ధర 100 రూపాయలనుకుంటే, కోటి రూపాయలకు లక్ష యూనిట్లు వస్తాయి. మొదటి 6 లక్షల కోసం 6,000 యూనిట్లు అమ్మితే సరిపోయింది. 2009 జనవరిలో అదే 6 లక్షలు కావలసి వచ్చేసరికి యూనిట్ ధర 47 రూపాయల 55 పైసలు. అందుకని 12,617 యూనిట్లు అమ్మాల్సి వచ్చింది. ఇంటి ఖర్చు మారలేదు, అమ్మిన సరుకు మాత్రం రెట్టింపు దాటింది. ధర పడిన ఏడాది అప్పు వాయిదా కట్టడానికి మామూలు కంటే రెట్టింపు బస్తాలు తూకం వేయించాల్సి వచ్చిన రైతు పరిస్థితి ఇదే. ఆ తర్వాత ధర ఎంత పెరిగినా, అమ్మేసిన బస్తాలకు ఆ పెరుగుదల అందదు.

పదేళ్లూ కూడితే మొదటి మనిషి 60 లక్షల కోసం 65,000 యూనిట్లు అమ్మాడు. తిరగేసిన వరుసలో అదే 60 లక్షలకు అమ్మాల్సి వచ్చినవి 38,400 మాత్రమే. ఒకరికి సగటున యూనిట్‌కు 92 రూపాయలు పలికింది, మరొకరికి 156 రూపాయలు. చివరి రోజు ధర ఇద్దరికీ ఒకటే, 167 రూపాయల 87 పైసలు. ఒకరి దగ్గర దానితో హెచ్చించడానికి దాదాపు 35,000 యూనిట్లే మిగిలాయి, ఇంకొకరి దగ్గర 61,600 మిగిలాయి. 45 లక్షల తేడా అంతా ఈ యూనిట్లలోనే ఉంది. మార్కెట్ పడటం వల్ల నష్టం కాగితం మీదే ఉంటుందని, అమ్మనంత వరకు అది నష్టం కాదని అంటుంటారు. జీతం వస్తున్నవారికి ఆ మాట వర్తిస్తుంది. ఖర్చు కోసం అమ్మక తప్పనివారికి వర్తించదు.

నెలనెలా సిప్ కట్టినవారికి ఈ లెక్క తెలియనిది కాదు. దిశ మాత్రమే వేరు. సిప్‌లో మార్కెట్ పడితే అదే 5,000 రూపాయలకు ఎక్కువ యూనిట్లు వస్తాయి, కాబట్టి మొదటి ఏళ్లలో పతనం వస్తే దీర్ఘకాలంలో లాభం. విరమణ తర్వాత ఫండు నుంచి నెలనెలా తీసుకునే పథకాన్ని ఎస్‌డబ్ల్యూపీ అంటారు. అందులో మార్కెట్ పడితే అదే మొత్తానికి ఎక్కువ యూనిట్లు పోతాయి. పాతికేళ్ల పాటు మేలు చేసిన సూత్రమే, జీతం ఆగిన నెల నుంచి ఎదురు తిరుగుతుంది. సిప్‌ల కాలంలో అలవాటైన ధైర్యాన్ని ఎస్‌డబ్ల్యూపీలోకి అలాగే తెచ్చుకున్నవారు ఈ మలుపును గుర్తించరు.

సూచీ కోలుకుంటే సొమ్ము కూడా కోలుకుంటుందన్న నమ్మకం మరో పొరపాటు. 2010 చివరికి సెన్సెక్స్ 20,509కు చేరింది, అంటే 2007 చివరి స్థాయిని దాటింది. వార్తల్లో మార్కెట్ పూర్తిగా కోలుకుంది. మన విశ్రాంత ఉద్యోగి అప్పటికి 18 లక్షలు తీసుకున్నారు. మార్కెట్ మూడేళ్లూ కదలకుండా ఉన్నా ఆయన దగ్గర 82 లక్షలు మిగలాలి. ఉన్నవి 75 లక్షలు. సూచీ లేచినా, ఆ 7 లక్షలు తిరిగి రాలేదు. వాటికి సంబంధించిన యూనిట్లు పతనపు ధరకు వేరొకరి చేతికి వెళ్లిపోయాయి.

విరమణ ప్రణాళికల కోసం వాడే కాలిక్యులేటర్లు చాలావరకు ఈ తేడాను చూపవు. ఏటా ఒకే రాబడి అడుగుతాయి, దాన్నే అన్నేళ్లకూ వర్తింపజేస్తాయి. పై ఉదాహరణకు 5.3 శాతం అని ఇస్తే, పదేళ్ల తర్వాత 87 లక్షలు మిగులుతాయని చెబుతాయి. అంకె తప్పు కాదు, సెన్సెక్స్ నిజంగానే సగటున అంతే ఇచ్చింది. కానీ ఆ దశాబ్దం గడిపిన మనిషి దగ్గర ఉన్నవి 58.6 లక్షలు. 5.3 శాతం దగ్గర ఆగడం కూడా అరుదే. ఫండ్ల ప్రచారంలో ఆ గడిలో 12 శాతం వేసి, నెలకు ఇంత తీసుకున్నా అసలు పెరుగుతూనే ఉంటుందని చూపే పట్టికలు ఎన్నో. వాటిలో ఒక్క పడిన ఏడాది కూడా ఉండదు.

ఇప్పటిదాకా ఏటా 6 లక్షలే అనుకున్నాం. పాలు, మందులు, కరెంటు బిల్లు పదేళ్లు ఒకే ధరకు దొరకవు. ఖర్చు ఏటా 6 శాతం పెరుగుతుందని, తీసుకునే మొత్తం కూడా అలాగే పెరుగుతుందని అనుకుంటే పదో ఏట తీసుకోవాల్సింది 10 లక్షలు దాటుతుంది. అప్పుడు 2008లో మొదలుపెట్టిన వ్యక్తి దగ్గర 2017 చివర మిగిలేది 29 లక్షలు. మరుసటి ఏడాది ఖర్చే పదకొండు లక్షలకు దగ్గర. మూడేళ్లు గడవడం కష్టం. 60 ఏళ్లకు రిటైరైన మనిషికి అప్పుడు 70 ఏళ్లు. తిరగేసిన వరుసలో ఇదే ఖర్చుకు 87 లక్షలు మిగులుతాయి. ధరల పెరుగుదల వరుస ముప్పును పుట్టించదు గానీ, పుట్టినదాన్ని వేగంగా పెంచుతుంది.

అమెరికాలో ఈ విషయం లెక్కలతో సహా బయటపడింది కూడా ధరల కోణం నుంచే. కాలిఫోర్నియాలో ఆర్థిక సలహాదారుగా పనిచేసిన విలియం బెంగెన్ 1994లో ఒక వ్యాసం ప్రచురించాడు. సలహాదారులు అప్పటిదాకా సగటు రాబడిని పట్టుకుని, ఎంత తీసుకోవచ్చో చెప్పేవారు. బెంగెన్ ఆ పద్ధతి వదిలేసి, 1926 నుంచి ఒక్కో ఏడాది రిటైరైన మనిషికి నిజంగా ఎదురైన షేర్ల, బాండ్ల రాబడులనూ ధరలనూ ఆ వరుసలోనే పెట్టి చూశాడు. సగం షేర్లు, సగం ప్రభుత్వ బాండ్లు ఉంచుకుని, మొదటి ఏడాది సొమ్ములో 4 శాతం తీసుకుని, తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోతే, ఎంత చెడ్డ కాలంలో రిటైరైనా 30 ఏళ్లు గడిచిందని తేలింది. నాలుగు శాతం సూత్రం అని పేరు పడింది దీనికే. సగటు మీద ఆధారపడితే అంతకంటే చాలా ఎక్కువ తీసుకోవచ్చనిపిస్తుంది. ఆ తేడాయే వరుసకు చెల్లించాల్సిన మూల్యం.

ఆ లెక్కలో అందరికంటే ఇరుకున పడింది 1929 మహాపతనం ముంగిట రిటైరైనవారు కారు. 1960ల చివర రిటైరైనవారు. 1929 తర్వాత షేర్లు ఎంత ఘోరంగా పడ్డాయో, వస్తువుల ధరలు కూడా పడ్డాయి. దానితో తీసుకోవాల్సిన మొత్తం తగ్గింది. 1960ల చివర విరమించినవారికి తొలి ఏళ్లలో మార్కెట్ ముందుకు కదలలేదు, 1973–74లో షేర్ల ధరలు దాదాపు సగానికి పడ్డాయి. పెట్రోలు సంక్షోభంతో ధరలు అదే కాలంలో భగ్గుమన్నాయి. అమ్మాల్సిన మొత్తం పెరుగుతున్నప్పుడే అమ్మే సరుకు ధర పడింది. 1980లలో మార్కెట్ ఎగిసేసరికి వాళ్ల దగ్గర ఎగరడానికి మిగిలింది తక్కువ.

బెంగెన్ అంకెను తెచ్చి మన దేశానికి అతికించడం సరికాదు. అది అమెరికా మార్కెట్, అమెరికా ధరల చరిత్ర మీద కట్టినది. మన ధరల పెరుగుదల వేరు, మన షేర్ల ఒడుదొడుకులు వేరు. ఆధారపడదగిన మార్కెట్ లెక్కలు మనకున్న కాలమూ చిన్నదే. తీసుకోవాల్సింది పద్ధతిని. ఎంత సగటు అని కాకుండా, గతంలోని చెడ్డ వరుస ఎదురైతే ఏమవుతుందని అడగడం.

ఈ ముప్పు జీవితమంతా ఒకేలా ఉండదు. విరమణకు ముందు నాలుగైదేళ్లు, తర్వాత దాదాపు పదేళ్లు అత్యంత సున్నితమైన కాలం. అప్పుడే సొమ్ము గరిష్ఠంగా ఉంటుంది, దాని మీద బతకాల్సిన ఏళ్లూ గరిష్ఠంగా ఉంటాయి. ఎనభై ఏళ్లు దాటాక పతనం వచ్చినా నష్టపోయే యూనిట్లు కొన్నే, అవి నిలబెట్టాల్సిన కాలమూ కొద్దిదే. ప్రభుత్వం ఇచ్చే పాత పద్ధతి పింఛను తీసుకునేవారికి ఈ చిక్కు లేదు, వాళ్ల ఆదాయానికీ మార్కెట్‌కూ లంకె ఉండదు. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ కలిపి ఒక్కసారి చేతికొచ్చినదాన్ని తామే నడుపుకోవాల్సిన ప్రైవేటు ఉద్యోగులదే ఈ సమస్య.

ముప్పు మొదలైందో లేదో ఎలా తెలుస్తుంది? దానికి ఒకే కొలత ఉంది. ఈ ఏడాది తీసుకోబోయే మొత్తం, ఈ రోజు ఉన్న సొమ్ములో ఎంత శాతమో చూడటం. మొదట్లో కోటికి 6 లక్షలు, అంటే 6 శాతం. 2009 జనవరిలో 44.7 లక్షలకు 6 లక్షలు, అంటే 13 శాతం పైమాట. సూచీ ఎక్కడుందన్న దానికంటే ఈ శాతమే సంగతి చెబుతుంది. అది పెరుగుతూ పోతుంటే, మార్కెట్ ఎంత ఉత్సాహంగా ఉన్నా, సొమ్ము తరుగుతున్నట్టే. జోనథన్ గైటన్, విలియం క్లింగర్ అనే ఇద్దరు అమెరికన్లు 2006లో దీన్నే ఒక నియమంగా మలిచారు. ఇప్పటి శాతం, మొదట్లో పెట్టుకున్న శాతం కంటే అయిదో వంతు మించి పెరిగితే ఆ ఏడాది ఖర్చు పదో వంతు తగ్గించాలి. అయిదో వంతు కంటే తగ్గితే పదో వంతు పెంచుకోవచ్చు. 6 శాతంతో మొదలుపెట్టినవారికి హెచ్చరిక గంట 7.2 శాతం దగ్గర మోగుతుంది.

పడిన ఏడాది కాస్త తగ్గించుకున్నా ఫలితం ఊహించనంత ఉంటుంది. 2009 జనవరిలో ఒక లక్ష తక్కువ తీసుకుని ఉంటే, ఆ లక్ష 2017 చివరికి 3 లక్షల 53 వేలయ్యేది. 2015 జనవరిలో అదే లక్ష ఆదా చేస్తే లక్షా 24 వేలే. పొదుపు ఎప్పుడు చేయాలో ఈ రెండంకెలు చెబుతాయి. చిక్కల్లా, పడిన ఏడాదిలోనే కుటుంబానికి ధైర్యం తక్కువ. ఆసుపత్రి ఖర్చు వాయిదా వేయలేరు, అమ్మాయి పెళ్లి ఆగదు. తగ్గించగల ఖర్చులు కొన్ని ఉన్నవారికే ఈ నియమం పనికొస్తుంది.

ఇంకో మార్గం, ఖర్చుకు కావలసింది కొన్నేళ్లకు సరిపడా విడిగా పెట్టుకోవడం. దీన్ని బకెట్ పద్ధతి అంటారు. అదే కోటిలో 18 లక్షలు, అంటే మూడేళ్ల ఖర్చు, బ్యాంకు డిపాజిట్లో 7 శాతం వడ్డీకి ఉంచి, 82 లక్షలే సెన్సెక్స్ ఫండులో వేశారనుకుందాం. నియమం ఒకటే. మొదటి ఏడాది ఖర్చూ, మార్కెట్ పడిన ఏడాది తర్వాత ఖర్చూ డిపాజిట్లోంచి. మార్కెట్ పెరిగిన ఏడాది తర్వాత ఫండు నుంచి. అప్పుడు 2009 జనవరిలో ఒక్క యూనిట్ కూడా అమ్మాల్సిన అవసరం లేదు. 82 లక్షలు 39 లక్షలకు పడి, ముట్టుకోకపోవడం వల్ల మరుసటి ఏడాది 70 లక్షలు దాటాయి. 2017 చివరికి మిగిలినది 77 లక్షలు. నియమం లేకుండా మిగిలిన 58.6 లక్షల కంటే 18 లక్షలు ఎక్కువ. తిరగేసిన వరుసలో ఇదే పద్ధతి పాటిస్తే మిగిలేది 1 కోటి 4 లక్షలు, అంటే ముందున్నంతే. రెండు వరుసల మధ్య తేడా 45 లక్షల నుంచి 27 లక్షలకు తగ్గింది. తేడా పోలేదు, తగ్గింది. అందులో కొంత ఆ దశాబ్దంలో సూచీ కంటే డిపాజిట్ వడ్డీయే ఎక్కువ కావడం వల్ల వచ్చిందని కూడా చెప్పుకోవాలి.

ఈ పద్ధతిలో ఎక్కువమంది తప్పు చేసేది నింపే చోట. పై లెక్కలో డిపాజిట్ తిరిగి నింపలేదు, 2016 నాటికి అది ఖాళీ అయింది. మార్కెట్ 30 శాతం పెరిగిన 2014 వంటి ఏడాది తర్వాత కొంత ఫండు నుంచి తీసి డిపాజిట్‌ను మళ్లీ నింపుకోవాలి. సరిగ్గా ఆ ఏడాదే అలా తీయడానికి ఎవరికీ మనసు రాదు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన పొరపాటు, పడ్డాక భయపడి మొత్తం తీసేయడం. మొదటి ఉదాహరణలోని మనిషి 2008 చివర మిగిలిన 44.7 లక్షలను డిపాజిట్లోకి మార్చి, 7 శాతం వడ్డీ తీసుకుంటూ, ఏటా 6 లక్షలు ఖర్చు చేసి ఉంటే, 2017 చివర ఆయన దగ్గర 5 లక్షల 28 వేలు ఉండేవి. మరుసటి ఏడాది ఖర్చుకే చాలవు. ఫండులోనే ఉండిపోయినా నష్టపోయారు, బయటికొచ్చి ఉంటే ఇంకా ఎక్కువ నష్టపోయేవారు. మొదటి ఏడాదే తగిలిన దెబ్బ తర్వాత మంచి దారి మిగలదు. అందుకే ఏర్పాట్లు పతనానికి ముందే ఉండాలి.

తప్పనిసరి ఖర్చులను మార్కెట్ నుంచి పూర్తిగా తప్పించడం మూడో ఏర్పాటు. బియ్యం, మందులు, అద్దె, ఆరోగ్య బీమా ప్రీమియం వంటివాటికి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీ, జీవిత బీమా సంస్థలు అమ్మే యాన్యుటీ, ఇంటి అద్దె వంటి ఆదాయం సరిపోయేలా చూసుకుంటే, ఫండు నుంచి తీసుకునేది ప్రయాణాలు, కానుకల వంటివాటికే. పడిన ఏడాది అవి ఆపుకోవచ్చు. సీనియర్ సిటిజన్స్ స్కీములో ఒక్కొక్కరు పెట్టగల గరిష్ఠ మొత్తాన్ని 2023లో 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచారు. ఈ ఏర్పాటుకూ పరిమితి ఉంది. వాటి ఆదాయం చాలావరకు ధరలతో పాటు పెరగదు. ఇరవై ఏళ్లకు అదే వడ్డీ సగం సామాను కూడా కొనలేకపోవచ్చు. అందుకే షేర్లను పూర్తిగా వదిలేయడమూ కుదరదు. వరుస ముప్పు నుంచి పారిపోతే ధరల ముప్పు చేతికి చిక్కుతారు.

ఈ ఏర్పాట్లన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంది, పడిన మార్కెట్ మూడు నాలుగేళ్లలో లేస్తుందన్నది. 2008 తర్వాత మన దగ్గర అలాగే జరిగింది. జపాన్‌లో అలా జరగలేదు. 1989 చివరి పనిదినాన నిక్కీ సూచీ 38,915 దగ్గర ముగిసింది. మళ్లీ ఆ స్థాయిని దాటింది 2024 ఫిబ్రవరిలో. ఆ డిసెంబరులో 60 ఏళ్లకు రిటైరైన జపాన్ మనిషి, సూచీ పాత శిఖరం చేరేసరికి 94 ఏళ్లవాడు. అలాంటి కాలానికి మూడేళ్ల బకెట్ చాలదు. తీసుకునే శాతాన్ని మొదటి నుంచే తక్కువగా పెట్టుకోవడం, సొమ్మును ఒకే దేశపు షేర్లలో కాక బాండ్లు, బంగారం, బయటి దేశాల షేర్ల మధ్య పంచడం మాత్రమే అక్కడ కొంత ఆదుకునేవి. అవి కూడా మంచి వరుస వచ్చినవారికి కొంత రాబడిని వదులుకునేలా చేస్తాయి. ఏ వరుస రాబోతోందో రిటైరయ్యే రోజున ఎవరికీ తెలియదు కాబట్టి, ఆ వదులుకున్నదాన్ని బీమా ప్రీమియంలా లెక్కలో రాసుకోవాల్సిందే.